ఇసబ్‌గోల్, ఇతర పీచు పొడులు, తిండిలోని పీచు

ఇసబ్‌గోల్ అంటే ప్లాంటాగో ఒవాటా అనే చిన్న మొక్క గింజల మీద ఉండే పలుచటి పొట్టు. మందుల షాపుల్లో ఇసబ్‌గోల్ అనో, సత్ ఇసబ్‌గోల్ అనో అడిగితే ఇస్తారు. విదేశాల్లో సైలియం హస్క్ అని అమ్మేది కూడా ఇదే. మలబద్ధకానికి ఇళ్లలో ఎక్కువగా వాడే మందుల్లో ఇదొకటి. పీచు కోసం అమ్మే పొడులు ఇప్పుడు చాలానే వచ్చాయి. ఇనులిన్, గోధుమ డెక్స్‌ట్రిన్, గోరుచిక్కుడు జిగురు నుంచి తీసిన పొడి, గోధుమ తవుడు, మిథైల్ సెల్యులోజ్ వాటిలో కొన్ని. డబ్బా మీద అన్నిటికీ పీచు అన్న పేరే ఉంటుంది గానీ కడుపులోకి వెళ్లాక ఒకటి చేసే పని మరొకటి చేయదు. కొన్ని మలాన్ని మెత్తబరుస్తాయి, కొన్ని గ్యాస్ పుట్టిస్తాయి, ఒకటి రెండు మలబద్ధకాన్ని పెంచుతాయి కూడా. పొడి మొదలుపెట్టిన వారంలోనే "నాకు పీచు పడదు" అని మానేసేవాళ్లకు చాలాసార్లు పడనిది పీచు కాదు. ఎంచుకున్న రకమో, మొదలుపెట్టిన మోతాదో వాళ్లకు సరిపడలేదు.

పంట, పొట్టు

ఇసబ్‌గోల్ చలికాలపు పంట. గుజరాత్‌లోని మెహసానా, బనాస్‌కాంఠా జిల్లాల్లో, పశ్చిమ రాజస్థాన్‌లో, మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతాల్లో ఎక్కువగా పండుతుంది. నవంబరులో విత్తితే ఫిబ్రవరి, మార్చి నెలలకు కోతకొస్తుంది. ఆ సమయంలో ఒక్క వాన పడినా రైతు నష్టపోతాడు. గింజ మీది పొట్టు నీరు పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది, గింజలు రాలిపోతాయి. పొట్టలో మనకు పనికొచ్చే గుణమే పొలంలో రైతుకు శత్రువన్నమాట. గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్ యార్డు దీని వ్యాపారానికి కేంద్రం. పక్కనే ఉన్న సిద్ధపూర్ పొట్టు తీసే మిల్లులకు పేరుపడింది. మిల్లులో గింజను మెల్లగా నలిపి, గాలితో తూర్పారబట్టి పొట్టును వేరుచేస్తారు. గింజ బరువులో పావు వంతుకు కాస్త పైగా పొట్టు వస్తుంది. ప్రపంచంలో అమ్ముడయ్యే ఇసబ్‌గోల్‌లో అత్యధిక భాగం భారతదేశానిదే. అమెరికా పెద్ద కొనుగోలుదారు.

పొట్టు రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి రేకుల్లా తేలిగ్గా ఉండే పొట్టు, రెండోది దాన్నే మెత్తగా కొట్టిన పొడి. ఈ తేడాను పట్టించుకోకపోతే మోతాదు తప్పుతుంది. అన్నం తినే పెద్ద చెంచాతో తలకొట్టి కొలిస్తే రేకుల పొట్టు సుమారు 5 గ్రాములు తూగుతుంది, టీ చెంచాతో అయితే 2 గ్రాముల లోపు. అదే చెంచాతో పొడి తీసుకుంటే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. పక్కింటివాళ్లు రెండు చెంచాలు వేసుకుంటున్నారని మనమూ వేసుకునే ముందు వాళ్లది పొట్టా, పొడా అని అడగాలి. వంటింట్లో చిన్న తూకం ఉంటే ఒక్కసారి తూచి చూసుకుంటే చాలు.

పీచును రెండు ప్రశ్నలతో గుర్తుపట్టడం

పీచును కరిగేది, కరగనిది అని రెండు రకాలుగా చెప్పడం పాత పద్ధతి. అది తప్పు కాదు గానీ దాంతో ఒక పొడి కడుపులో ఏం చేస్తుందో తెలియదు. ఇసబ్‌గోల్, ఇనులిన్ రెండూ కరిగే పీచులే. అయినా ఒకటి గ్లాసులో పది నిమిషాల్లో జెల్లీలా బిగుస్తుంది, రెండోది పంచదారలా కరిగి కనిపించకుండా పోతుంది. అందుకని ఏ పీచు గురించైనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నీటిలో చిక్కటి జిగురు కడుతుందా? పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టగలదా?

ఇసబ్‌గోల్‌లోని ముఖ్య పదార్థం అరబినోజైలాన్ అనే పిండిపదార్థ గొలుసు. దానికి కొమ్మలు ఎక్కువ. ఆ కొమ్మల వల్ల అది నీటిని గట్టిగా పట్టుకుంటుంది, బ్యాక్టీరియాకు త్వరగా లొంగదు. చిన్నపేగును దాటి, పెద్దపేగు చివరిదాకా చాలావరకు జిగురుగానే మిగులుతుంది. పెద్దపేగు మలం నుంచి నీటిని లాగేసుకునే చోట ఈ జిగురు నీటిని వదలదు కనుక మలం మెత్తగా, నిండుగా ఉంటుంది. విరేచనాలప్పుడు పెరుగులో ఇసబ్‌గోల్ కలిపి తినడం వెనుక ఉన్నదీ ఇదే గుణం. వదులుగా ఉన్న నీటిని జిగురు తనలోకి తీసుకుని మలానికి రూపం ఇస్తుంది. గట్టిదాన్ని మెత్తబరచడం, పలుచనిదాన్ని గట్టిపరచడం అన్న రెండు ఎదురు పనులనూ ఒకే పదార్థం చేయగలగడానికి కారణం అది నీటిని పట్టుకోవడమే, వేరే మాయ లేదు.

ఇనులిన్ సంగతి వేరు. అది షికోరీ వేరు నుంచి తీసే పీచు. చల్లని కాఫీలోనైనా కరుగుతుంది, కాస్త తియ్యగా ఉంటుంది. అందుకే ప్రీబయోటిక్ పేరుతో వచ్చే పొడుల్లో, గమ్మీల్లో, ప్రొటీన్ బార్లలో తరచూ కనిపిస్తుంది. జిగురు కట్టదు. పెద్దపేగుకు చేరగానే బ్యాక్టీరియా దాన్ని చకచకా పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తుంది. కొందరిలో మీథేన్ కూడా తయారవుతుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా పెరగడానికి అది మంచి ఆహారమే. కానీ మలబద్ధకానికి మందుగా చూస్తే బలహీనమైనది, కడుపుబ్బరానికి మాత్రం దగ్గరి దారి.

గోధుమ డెక్స్‌ట్రిన్ కూడా నీళ్లలో కనిపించకుండా కరిగే రకమే. మలాన్ని మెత్తబరచడంలో దీనికి పెద్ద శక్తి లేదు, కొందరికి మలం గట్టిపడుతుంది కూడా. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ జిగురు సహజంగా చాలా చిక్కటిది. దాన్ని ఎంజైముతో ముక్కలు చేసి పలుచగా మార్చిన పొడి వైద్యులు కొందరికి సూచించే రకం. అది మెల్లగా పులుస్తుంది కనుక ఇనులిన్‌తో పోలిస్తే గ్యాస్ తక్కువ. మన గోరుచిక్కుడు కూరదీ, ఈ పరిశ్రమదీ ఒకే మొక్క. మనం లేత కాయ తింటాం, పరిశ్రమకు ముదురు గింజ కావాలి.

గోధుమ తవుడు కరగని పీచు. ముతక తవుడు పేగు గోడను రాపాడి నీరు, జిగట ఊరేలా చేస్తుంది. అలా మలం కదులుతుంది. మెత్తగా మర ఆడించిన తవుడులో ఆ రాపిడి ఉండదు. అది మలానికి పొడి బరువు మాత్రమే చేర్చి కొన్నిసార్లు మరింత గట్టిపరుస్తుంది. బ్రాన్ బిస్కెట్లు తిన్నా గుణం కనబడలేదనేవాళ్లు ఆ బిస్కెట్‌లోని తవుడు ఎంత మెత్తనిదో ఒకసారి చూడాలి. మిథైల్ సెల్యులోజ్ కృత్రిమంగా తయారుచేసినది. జిగురు కడుతుంది, అసలు పులియదు, అందువల్ల గ్యాస్ దాదాపు ఉండదు. మన దగ్గర ఇసబ్‌గోల్ దొరికినంత సులువుగా ఇది దొరకదు.

పరీక్షల్లో తేలినవి

నెదర్లాండ్స్‌లో 275 మంది ఐబీఎస్ రోగుల మీద జరిగిన పరిశీలన 2009లో బీఎంజే పత్రికలో వచ్చింది. ఐబీఎస్ అంటే పేగులో పుండు, గడ్డ లాంటివేవీ లేకుండానే నొప్పి, ఉబ్బరం, మలబద్ధకం లేదా విరేచనాలు వచ్చిపోతూ ఉండే జబ్బు. రోగులను మూడు గుంపులుగా చేసి 12 వారాల పాటు ఒక గుంపుకు రోజూ 10 గ్రాముల ఇసబ్‌గోల్, ఒక గుంపుకు 10 గ్రాముల తవుడు, ఇంకో గుంపుకు బియ్యప్పిండి ఇచ్చారు. మొదటి నెలలో ఇసబ్‌గోల్ గుంపులో 57 శాతం మందికి ఉపశమనం కలిగింది. బియ్యప్పిండి గుంపులో అది 35 శాతం. మధ్యలో ఎక్కువ మంది మానేసింది తవుడు గుంపులో, ముఖ్యంగా బాధలు పెరగడం వల్ల. ఐబీఎస్ ఉన్నవాళ్లకు తవుడు తినమనే పాత సలహా తర్వాత వెనకబడటానికి ఇలాంటి ఫలితాలే కారణం.

గ్యాస్ గురించి మరింత ఆసక్తికరమైన పని ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పరిశోధకులు చేశారు. ఐబీఎస్ రోగులకు ఒక రోజు 20 గ్రాముల ఇనులిన్, మరో రోజు అంతే ఇసబ్‌గోల్, ఇంకో రోజు రెండూ కలిపి తాగించి, ఎంఆర్ఐ తీసి పెద్దపేగులో గ్యాస్ ఎంత ఉందో కొలిచారు. ఇనులిన్ ఒక్కటే తాగిన రోజు గ్యాస్ బాగా పెరిగింది. ఇసబ్‌గోల్‌తో కలిపి తాగిన రోజు ఉత్తుత్తి పానీయం తాగిన రోజుకు మించి పెరగలేదు. త్వరగా పులిసే పీచు జిగురుతో కలిస్తే గ్యాస్ తగ్గుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. తిండిలో పీచు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, పులిసేది, పులియనిది, జిగురుది కలిసే వస్తాయి. అదే పీచును ఒక్క రకంగా వడగట్టి డబ్బాలో నింపితే కడుపు ఎందుకు ఎదురుతిరుగుతుందో ఈ ప్రయోగం కొంతవరకు చెబుతుంది.

ఇసబ్‌గోల్‌కు పేగు బయట కూడా ఒక పని ఉంది. అది చిన్నపేగులో పిత్తరసాన్ని తన జిగురులో చిక్కించుకుని బయటికి తీసుకుపోతుంది. కాలేయం కొత్త పిత్తరసం తయారుచేయడానికి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 7 నుంచి 10 గ్రాములు కొన్ని వారాలు క్రమం తప్పకుండా తీసుకుంటే చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ సాధారణంగా 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. రోజుకు 7 గ్రాముల సైలియం పీచు గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చని ఆహార డబ్బాల మీద రాసుకోవడానికి అమెరికా ఎఫ్‌డీఏ 1998లో అనుమతించింది. భోజనంతో పాటు తీసుకుంటే తిన్న తర్వాత చక్కెర ఎగబాకడం కూడా కొంత తగ్గుతుంది. స్టాటిన్ మాత్రకో, చక్కెర మందుకో ఇది బదులు కాదు. మందుకు తోడుగా ఉండదగినది మాత్రమే.

లెక్క ఒకటే, పని వేరు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రతి 1000 కేలరీల తిండికి 15 గ్రాముల పీచు ఉండాలంటుంది. కూర్చుని పనిచేసే మహిళకు రోజుకు సుమారు 1660 కేలరీలు చాలునని ఆ సంస్థే లెక్కకట్టింది. అంటే 25 గ్రాముల పీచు కావాలి. ఆఫీసులో పనిచేసే ఒక మహిళను ఉదాహరణగా తీసుకుందాం. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, కందిపప్పు, దొండకాయ వేపుడు, రాత్రి మళ్లీ అన్నం, పెరుగు, కాస్త కూర. ఇడ్లీ రవ్వతో కలిపి బియ్యం 250 గ్రాములనుకుంటే దాని నుంచి పీచు 7 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పు నుంచి 2.7, ఇడ్లీలోని 20 గ్రాముల మినప్పప్పు నుంచి 2.4, కూరగాయల నుంచి 4 లేదా 5 గ్రాములు. మొత్తం 16 లేదా 17 వచ్చింది. లోటు సుమారు 8 గ్రాములు.

ఈ 8 గ్రాములను మూడు దారుల్లో నింపవచ్చు. రెండు పెద్ద చెంచాల ఇసబ్‌గోల్ పొట్టు, అంటే 10 గ్రాములు, రెండు పూటలుగా తీసుకుంటే దాదాపు 8 గ్రాముల పీచు వస్తుంది. 100 గ్రాముల జామకాయలోనూ 8 గ్రాములకు పైనే ఉంది. లేదా ఇడ్లీకి బదులు 60 గ్రాముల పొట్టు పెసలతో పెసరట్లు వేసుకుంటే 10 గ్రాములు వస్తుంది, ఇడ్లీతో పోయేది తీసేసినా ఆరేడు మిగులుతుంది. రాత్రి అన్నం స్థానంలో జొన్నరొట్టె తినేవాళ్లకు కూడా ఇంచుమించు ఇంతే లాభం. 100 గ్రాముల జొన్నల్లో 10 గ్రాముల పీచు ఉంటే పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు.

కాగితం మీద ఈ మూడూ సమానమే. కడుపులో మాత్రం కాదు. ఇసబ్‌గోల్ 8 గ్రాములు మలాన్ని మెత్తబరచడంలో జామకాయ కంటే నమ్మకంగా పనిచేస్తాయి, ఎందుకంటే ఆ పీచంతా జిగురే. అయితే అది పులియదు కనుక పెద్దపేగు గోడకు ముఖ్య ఇంధనమైన బ్యూటిరేట్ దాని నుంచి పెద్దగా రాదు. పెసల పీచు పులుస్తుంది, బ్యూటిరేట్ ఇస్తుంది, దాంతోపాటే ప్రొటీన్, ఫోలేట్, పొటాషియం వస్తాయి. గ్యాస్ కూడా వస్తుంది. అది పులియడంతో వచ్చేదే, దాన్ని విడదీయలేం. పీచు ఎక్కువ తినేవాళ్లలో గుండెజబ్బు, పెద్దపేగు క్యాన్సర్ తక్కువని చెప్పే పెద్ద పరిశీలనలు తిండిలోని పీచును లెక్కపెట్టినవి, డబ్బాలోని పొడిని కాదు. ఆ లాభాలన్నీ పొడికీ వస్తాయనుకోవడానికి తగిన ఆధారం లేదు.

పళ్లను తక్కువగా చూడనక్కర్లేదని మరో పరిశీలన చూపింది. అమెరికాలో దీర్ఘకాలిక మలబద్ధకం ఉన్నవాళ్లకు నాలుగు వారాలు రోజుకు రెండు కివీ పళ్లో, 100 గ్రాముల ఎండు ప్రూన్‌లో, 12 గ్రాముల ఇసబ్‌గోలో ఇచ్చి 2021లో ఫలితాలు ప్రచురించారు. మూడు గుంపుల్లోనూ మలబద్ధకం తగ్గింది. అసంతృప్తి అతి తక్కువగా కనిపించింది కివీ గుంపులో. ప్రూన్‌లలో సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ ఉంటుంది, అది నీటిని పేగులోకి లాగుతుంది. పండు పని ఒక్క పీచుతోనే అయ్యేది కాదు. అంత ఖరీదు పెట్టనక్కర్లేదనుకుంటే మన బజారులో బొప్పాయి, జామ, అంజీరు ఉన్నాయి. అయితే కివీ మీద చేసినట్టు వాటి మీద పోటీ పరీక్ష జరిగిందని అనుకోవద్దు.

సబ్జా, అవిసె గింజల గురించి అడిగేవాళ్లు చాలామంది. రెండూ జిగురు కట్టేవే. గింజలో జిగురుతో పాటు నూనె, గట్టి పొట్టు కూడా ఉంటాయి కనుక ఇసబ్‌గోల్ పొట్టు అంత చిక్కటి గుణం రావడానికి ఎక్కువ మోతాదు కావాలి. అవిసెలు దంచకుండా మింగితే చాలా గింజలు అలాగే బయటికొస్తాయి.

ఉబ్బరం లేకుండా మొదలుపెట్టడం

ఉబ్బరానికి కారణాలు మూడు. త్వరగా పులిసే పీచు ఒకేసారి ఎక్కువ రావడం మొదటిది. కదలని మలం వెనుక కొత్త పదార్థం, గ్యాస్ చిక్కుకుపోవడం రెండోది. మూడోది కొందరి పేగుకు సున్నితత్వం ఎక్కువగా ఉండటం. వాళ్లకు మామూలు గ్యాస్ కూడా బాధగా అనిపిస్తుంది. ఇసబ్‌గోల్ సొంతంగా పెద్దగా గ్యాస్ పుట్టించదు. అయినా మొదటి రోజునే రెండు పెద్ద చెంచాలు తాగితే ఉబ్బరం ఖాయం, ఎందుకంటే జిగురు గ్యాస్ కదలికను కొంత నెమ్మదిస్తుంది, కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది.

అందువల్ల ముందు చూడవలసింది మలం. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో తయారైన ఒక పటం మలాన్ని ఏడు రకాలుగా విభజిస్తుంది. విడివిడి గట్టి ఉండలు ఒకటో రకం, పూర్తిగా నీళ్లలా ఉండేది ఏడో రకం. మూడు, నాలుగు రకాలు ఆరోగ్యకరం. ఒకటి, రెండు రకాలు ఉన్నవాళ్లకు ఇసబ్‌గోల్ సరైన మొదటి ప్రయత్నం. అయితే నాలుగైదు రోజులుగా మలం అసలు కదలక, కింద గట్టిగా అడ్డుపడినట్టు అనిపిస్తే ముందు పీచు వేయకూడదు. డాక్టరును అడిగి లాక్టులోజ్, పాలిఇథిలీన్ గ్లైకాల్ వంటి నీటిని లాగే మందుతో అడ్డు తీయించుకుని, ఆ తర్వాత పీచు మొదలుపెట్టాలి. ఇరుకు సందులో బండ్లు నిలిచిపోయినప్పుడు వెనుక నుంచి ఇంకో లారీని పంపితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

మనం తీసుకున్న ఉదాహరణలోని మహిళ థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటుందనుకుందాం. మాత్ర పొద్దున ఆరింటికి పరగడుపున. ఇసబ్‌గోల్ జిగురు మందులను పట్టుకుని పేగులోకి పీల్చుకోనివ్వకుండా ఆలస్యం చేయగలదు. అందుకే థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం, మిగతా మందులకు కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి. ఈమెకు సాయంత్రం ఏడింటి సమయం బాగుంటుంది. మొదటి వారం రోజుకు ఒకే టీ చెంచా పొట్టు, సుమారు 2 గ్రాములు. పావు లీటరు నీళ్లలో వేసి కలిపి, బిగుసుకునేలోపే తాగేయాలి. తర్వాత ఇంకో అర గ్లాసు నీళ్లు. రెండో వారం రెండు టీ చెంచాలు. మూడో వారం ఒక పెద్ద చెంచా, అంటే 5 గ్రాములు. చాలామందికి ఇక్కడే గుణం కనిపిస్తుంది, ఇంకా పెంచనక్కర్లేదు. కనిపించకపోతే నాలుగో వారం మధ్యాహ్నం భోజనానికి ముందు ఇంకో పెద్ద చెంచా కలిపి రోజుకు 10 గ్రాములు చేయవచ్చు.

మోతాదు మార్చిన తర్వాత కనీసం మూడు రోజులు ఆగి చూడాలి. తాగిన 12 గంటల నుంచి మూడు రోజుల లోపు మార్పు తెలుస్తుంది. ఒక్క రాత్రిలో ఏమీ కాలేదని మరునాడు రెట్టింపు చేయడమే సాధారణంగా జరిగే పొరపాటు. ఉబ్బరం మొదలైతే పూర్తిగా మానేయకుండా ముందటి వారపు మోతాదుకు వెనక్కి వెళ్లి వారం నిలపాలి. ఈ నాలుగు వారాల్లో పెసలు, శనగలు, ప్రొటీన్ బార్లు కొత్తగా చేర్చవద్దు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఉబ్బరం దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేం.

డబ్బా వెనుక రాసింది చదవడం కూడా మొదలుపెట్టే పనిలో భాగమే. రుచి కలిపిన రకాల్లో పంచదార సగం బరువు దాకా ఉండొచ్చు. చక్కెర లేనివి అన్న వాటిలో తియ్యదనం కోసం సార్బిటాల్ లాంటివి ఉంటే గ్యాస్ వాటితోనే వస్తుంది. బజారులో దొరికే మలబద్ధకం చూర్ణాలు కొన్నిటిలో ఇసబ్‌గోల్‌తో పాటు సునాముఖి ఆకు కూడా ఉంటుంది. అది పీచు కాదు, పేగు కండరాన్ని కదిలించే మందు. కడుపులో మెలితిప్పినట్టుగా నొప్పి వస్తే తప్పు ఇసబ్‌గోల్‌ది అనుకునే ముందు ఈ పేరు ఉందేమో చూడాలి. సాదా పొట్టు కొనుక్కోవడమే చవక, మేలు.

తిండితో పీచు పెంచేవాళ్లకు వేరే జాగ్రత్త కావాలి. పప్పుధాన్యాల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని అరిగించే ఎంజైము మనిషికి లేదు, బ్యాక్టీరియాకు ఉంది, గ్యాస్ అక్కడ పుడుతుంది. శనగలు, రాజ్మా, పెసలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో మెత్తగా ఉడికించాలి. ఆ చక్కెరల్లో కొంత నీటితో పోతుంది. మొలకెత్తించినా తగ్గుతాయి. మొదట పావు కప్పు ఉడికిన గింజలతో వారం గడిపి, తర్వాత అర కప్పుకు వెళ్లాలి. అన్నం పూర్తిగా మానేసి రెండు పూటలా జొన్నరొట్టెకు మారడం కంటే వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టడం మేలు. కొన్ని వారాల్లో పేగులోని బ్యాక్టీరియా కొత్త తిండికి తగ్గట్టు మారుతుంది, గ్యాస్ కొంత తగ్గుతుంది. ఇసబ్‌గోల్‌తో ఆ అలవాటుపడటం పెద్దగా అవసరం లేదు. ఇనులిన్‌తో తప్పదు. ఇనులిన్ మొదలుపెట్టాలనే పట్టుదల ఉన్నవాళ్లు 2 గ్రాములకు మించి మొదలుపెట్టకూడదు. ఉబ్బరమే అసలు బాధ అయితే దాన్ని ముట్టకపోవడమే నయం.

తీసుకోకూడనివాళ్లు

ఇసబ్‌గోల్‌తో వచ్చే నిజమైన ప్రమాదం ఉబ్బరం కాదు, గొంతులో అడ్డుపడటం. పొడిగా నోట్లో వేసుకుని తర్వాత నీళ్లు తాగడం, రెండు గుక్కల నీళ్లతో సరిపెట్టడం, తాగి వెంటనే పడుకోవడం వల్ల అన్నవాహికలోనే జిగురు ఉబ్బి బిగుసుకోవచ్చు. అమెరికాలో ఇలాంటి జిగురు పొడులు నిండు గ్లాసు నీళ్లతో తీసుకోవాలన్న హెచ్చరికను డబ్బా మీద తప్పనిసరి చేశారు. పెరుగులో కలిపి తిన్నా పైన నీళ్లు తాగాల్సిందే. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చిన వృద్ధులు, పేగు ఇరుకైనవాళ్లు, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే జబ్బు ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు. గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్లు కొలిచి తాగేవాళ్లు, లిథియం, డిజాక్సిన్, కార్బమజెపిన్ మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. నల్లమందు జాతి నొప్పి మాత్రల వల్ల వచ్చిన మలబద్ధకానికి పీచు పనిచేయదు, అడ్డు పెంచవచ్చు. పొట్టు ధూళి పీల్చడం వల్ల మిల్లు కార్మికులకు, దీన్ని రోజూ కలిపి ఇచ్చే నర్సులకు ఆస్తమా, ఎలర్జీ వచ్చిన సందర్భాలున్నాయి. కలిపేటప్పుడు ముఖం మీదికి పొడి లేవకుండా చూసుకోవాలి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నలభై ఐదు దాటాక అలవాటు కొత్తగా మారడం, వాంతులతో పొట్ట గట్టిపడటం ఉంటే ఇంట్లో ఏ పొడీ ప్రయత్నించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇవేవీ లేకుండా, నాలుగు వారాలు 10 గ్రాముల దాకా సరిగ్గా తీసుకున్నా మలం మెత్తబడి కూడా బయటికి రావడానికి గట్టిగా ముక్కాల్సి వస్తుంటే, కారణం మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు సమయానికి వదులుకాకపోవడం కావచ్చు. ఆ ఇబ్బందికి ఏ పీచూ పనిచేయదు. దాన్ని గ్యాస్ట్రోఎంటరాలజిస్టు మానోమెట్రీ పరీక్షతో గుర్తిస్తారు, బయోఫీడ్‌బ్యాక్ అనే కండరాల శిక్షణతో నయం చేస్తారు.